ఫోటోలో కారు, సోఫా రంగు మార్చాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఎర్ర కారు ఫోటోను నీలం కారుగా మార్చడం అర నిమిషం పని. అదే కారును దంతపు తెలుపులోకి మార్చబోతే గంట గడిచినా అది కారులా కనిపించదు, ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. చాలామంది దీనికి సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టి ఇంకో సాఫ్ట్‌వేర్ వెతుక్కుంటారు. నా అభిప్రాయంలో సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ చివరి ప్రశ్న. ముందు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, ఆ వస్తువు ఉపరితలం వెలుగును ఎంతవరకు అద్దంలా తిప్పికొడుతోంది? రెండోది, పాత రంగుకూ కొత్త రంగుకూ మధ్య వెలుగులో ఎంత తేడా ఉంది? ఈ రెండింటికీ జవాబు దొరికితే పద్ధతి దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

కారు తలుపు మీద పడే వెలుగు రెండు దారుల్లో మన కంటికి చేరుతుంది. కొంత వెలుగు పైనున్న పారదర్శకమైన పూతను, అంటే క్లియర్ కోట్‌ను, తాకి అక్కడినుంచే వెనక్కి వస్తుంది. దానికి పెయింట్ రంగు అంటదు. ఆకాశం నీలంగా ఉంటే నీలంగా, దీపం తెల్లగా ఉంటే తెల్లగానే వస్తుంది. మిగిలిన వెలుగు లోపలికి వెళ్లి, పెయింట్‌లోని రంగు కణాల మధ్య తిరిగి, ఆ రంగు పూసుకుని బయటికి వస్తుంది. మనం చూసేది ఈ రెండింటి మొత్తం. కంప్యూటర్ దృష్టి పరిశోధకుడు స్టీవెన్ షేఫర్ 1985లో దీన్ని ఒక నమూనాగా రాసి చూపించాడు. ఇప్పటికీ రంగు మార్పిడి గురించి ఆలోచించడానికి అంతకంటే తేలికైన చట్రం నాకు తెలియదు.

ఇందులో మన పనికొచ్చే ముఖ్యమైన సంగతి ఒకటుంది. పైపూత తిప్పికొట్టే వెలుగు పెయింట్ రంగుమీద ఆధారపడదు. ఎదురుగా చూస్తే సుమారు 4 శాతం, బాగా ఏటవాలుగా చూస్తే దాదాపు మొత్తం వెలుగూ తిరిగివస్తుంది. కారు నల్లదైనా తెల్లదైనా ఈ లెక్క ఒకటే. నల్ల కారు మీద చెట్ల ప్రతిబింబాలు స్పష్టంగా కనిపించి తెల్ల కారు మీద కనిపించకపోవడానికి కారణం ప్రతిబింబం తగ్గడం కాదు, దాని వెనకున్న రంగు దాన్ని ముంచేయడం. అంటే ప్రతిబింబాన్ని కాపాడడమంటే అది కనిపించే తీరును కాపాడడం కాదు. ఆ వెలుగు పరిమాణాన్ని కాపాడాలి. రంగు మారితే అది కనిపించే తీరు మారాల్సిందే.

స్లయిడర్, బ్లెండ్ మోడ్: ఒకేలా కనిపించే రెండు వేర్వేరు పనులు

ఫోటోషాప్‌లోనైనా గింప్‌లోనైనా వర్ణాన్ని తిప్పే Hue స్లయిడర్‌ను అనుభవజ్ఞులు చిన్నచూపు చూస్తారు. అంత చిన్నచూపు అక్కర్లేదు. ఎరుపు నుంచి నీలానికి జరిపినప్పుడు అది చేసే పని దాదాపుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానళ్లలోని విలువలను అటూ ఇటూ మార్చడమే. పెయింట్ కారణంగా ఎరుపు ఛానల్లో ఎంత ఎక్కువ వెలుగు ఉందో అది నీలం ఛానల్‌కు వెళుతుంది. మూడు ఛానళ్లలోనూ సమానంగా ఉన్న తెల్లటి ప్రతిబింబం ఎటు మార్చినా తెల్లగానే ఉంటుంది. అందుకే నిగనిగలాడే ఎర్ర కారు నీలంగా మారినా తలుపు మీది మెరుపు చెక్కుచెదరదు. పాత రంగూ కొత్త రంగూ ఒకే గాఢతతో, ఒకే స్థాయి వెలుగుతో ఉంటే ఇంతకుమించి కష్టపడనక్కర్లేదు.

పై పొర కింది చిత్రంతో ఎలా కలవాలో చెప్పేది బ్లెండ్ మోడ్. వాటిలో Color అనేదాని సంగతి వేరు. అది కింది చిత్రం నుంచి వెలుగును మాత్రమే ఉంచుకుని, వర్ణాన్నీ గాఢతనూ పైన వేసిన రంగు నుంచి తీసుకుంటుంది. వినడానికి మనకు కావలసింది ఇదే అనిపిస్తుంది. కానీ దీనికి రెండు రోగాలున్నాయి. ఒకటి, తెల్లటి ప్రతిబింబాలకూ రంగు అంటుకుంటుంది. ఆ క్షణంలోనే లోహం కాస్తా ప్లాస్టిక్ అయిపోతుంది. రెండు, వెలుగును ఉన్నదున్నట్లు ఉంచడమే ఇక్కడ దెబ్బతీస్తుంది. ఎర్ర కారు తలుపు మీద ఒక పిక్సెల్ విలువ (200, 20, 25) అనుకుందాం. ఈ మోడ్ లెక్కలో దాని వెలుగు 255లో సుమారు 75. మనకు కావలసిన పసుపు (240, 200, 20) వెలుగు సుమారు 192. ఆ పసుపును Color మోడ్‌లో వేస్తే వచ్చేది (95, 78, 0). అది పసుపు కాదు, బురద. దాన్ని చూసి కర్వ్‌తో మొత్తం లేపితే తలుపు పసుపుదేరుతుంది కానీ, ముందే వెలుగుగా ఉన్న ఆకాశపు ప్రతిబింబం తెల్లగా మాడిపోతుంది. పెయింట్‌ను ఎంత పెంచామో ప్రతిబింబాన్నీ అంతే పెంచాం కదా, అది పెరగకూడనిది.

కాబట్టి Color మోడ్‌ను నేను మెరుపు లేని నూలు బట్టలకూ, అదీ పాత, కొత్త రంగుల వెలుగు దగ్గరగా ఉన్నప్పుడే వాడతాను. లేత బూడిద సోఫాను లేత ఆకుపచ్చగా మార్చడానికి అది చక్కగా సరిపోతుంది. అక్కడ స్లయిడర్ పనికిరాదు. బూడిదలో తిప్పడానికి వర్ణమే లేదు.

విడదీసి కలపడం

ఎర్ర కారును దంతపు తెలుపులోకో ముదురు నీలంలోకో మార్చాలంటే పెయింట్ వెలుగునూ ప్రతిబింబపు వెలుగునూ ముందు విడదీయాలి. ఈ పద్ధతి పేరుకు భయపెడుతుంది కానీ గాఢమైన రంగున్న కారు విషయంలో సగం పని ఫోటోయే చేసి పెట్టి ఉంటుంది. ఎర్ర కారు ఫోటో తెరిచి నీలం ఛానల్ ఒక్కటే చూడండి. కారు దాదాపు నల్లగా కనిపిస్తుంది, దానిమీద ఆకాశం, చెట్లు, దీపాలు మాత్రం తేలుతుంటాయి. ఎర్ర పెయింట్ నీలం వెలుగును మింగేస్తుంది కాబట్టి ఆ ఛానల్లో మిగిలినదంతా దాదాపు ప్రతిబింబమే.

లెక్క మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. తెర మీది విలువలు వెలుగు పరిమాణానికి నేరుగా సమానం కావు. 255లో 128 అంటే సగం వెలుగు కాదు, సుమారు 22 శాతమే. సగం వెలుగు అంటే 188. కూడికలు, తీసివేతలు సరిగ్గా రావాలంటే లీనియర్ విలువల్లో, అంటే వెలుగు పరిమాణానికి నేరుగా అనుగుణంగా ఉండే విలువల్లో పనిచేయాలి. ఫోటోషాప్‌లో 32 బిట్ల మోడ్, గింప్‌లో Precision మెనూలోని Linear light అందుకే ఉన్నాయి.

ఇప్పుడు ఎర్ర తలుపు మీద రెండు చోట్లు తీసుకుందాం. తెలుపును 100 అనుకుని లీనియర్ విలువలు చెబుతున్నాను. మొదటి చోట చెప్పుకోదగ్గ ప్రతిబింబం లేదు, విలువ (50, 3, 3). రెండో చోట ఆకాశం పడింది, విలువ (70, 23, 23). నీలం ఛానల్‌ను ప్రతిబింబంగా తీసుకుంటే మొదటిచోట 3, రెండోచోట 23. ఎరుపులోంచి నీలాన్ని తీసేస్తే రెండుచోట్లా 47 మిగులుతుంది. అంటే పెయింట్ మీద పడిన వెలుగు రెండుచోట్లా ఒకటే, తేడా అంతా పైపూతది. ఇంత శుభ్రంగా విడిపోయాక కొత్త రంగు వేయడం గుణకారం, కూడిక మాత్రమే.

```
reflection = B
body = (R - B) / 47
new = body * target + reflection
```

దంతపు తెలుపు పెయింట్‌కు (75, 70, 58) అని ఇస్తే మొదటిచోటు (78, 73, 61), రెండోచోటు (98, 93, 81) అవుతాయి. ముదురు నీలానికి (1, 2, 8) ఇస్తే (4, 5, 11), (24, 25, 31) వస్తాయి. మధ్య విలువను, అంటే ఆకుపచ్చను చూడండి. తెల్ల కారులో ప్రతిబింబం 73ను 93 చేసింది. ఉన్నట్టా లేనట్టా అన్నట్టు కనిపిస్తుంది. ముదురు నీలం కారులో అదే ప్రతిబింబం 5ను 25 చేసింది, అయిదు రెట్లు. కలిపిన వెలుగు మాత్రం రెండింటిలోనూ సరిగ్గా 20. నిజమైన తెల్ల కారు, నిజమైన ముదురు నీలం కారు పక్కపక్కన నిలబెడితే కనిపించే తేడా కూడా ఇదే.

లేయర్లలో చేయాలంటే నీలం ఛానల్‌ను కాపీ చేసి ఒక లేయర్‌గా పెట్టుకోవాలి. ఎరుపులోంచి దాన్ని Subtractతో తీసేసిన చిత్రం రెండో లేయర్. ఆ రెండోదాన్ని లెవెల్స్‌తో లేపి, దానిపై కొత్త రంగును Multiplyలో వేసి, అన్నిటికంటే పైన ప్రతిబింబపు లేయర్‌ను కూడిక మోడ్‌లో ఉంచాలి. ఆ మోడ్ పేరు ఫోటోషాప్‌లో Linear Dodge (Add), గింప్‌లో Addition. ఇదంతా కారు బాడీకి మాత్రమే మార్పు తగిలేలా గీసిన మాస్క్ లోపలే. 32 బిట్ల బెడద వద్దనుకుంటే 8 బిట్లలోనే పై లేయర్‌ను Screenలో పెట్టవచ్చు. లెక్క కచ్చితంగా ఉండదు, కంటికి మాత్రం చాలాసార్లు సరిపోతుంది. కొత్త పెయింట్‌ను ఎంత వెలుగుగా ఉంచాలో తేల్చుకోవడానికి అదే వెలుగులో ఉన్న తెల్లటి వస్తువేదైనా ఫోటోలో వెతకండి. గోడ కావచ్చు, కాగితం కావచ్చు. మామూలు పెయింట్ దానికంటే వెలుగ్గా ఉండడానికి వీల్లేదు.

ఈ పద్ధతి ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. ఆకాశం బాగా నీలంగా ఉంటే ప్రతిబింబంలో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. అప్పుడు తీసివేతలో పెయింట్ వాటా తక్కువగా తేలి, ఆకాశం పడినచోట కొత్త రంగు మీద మురికి మచ్చలు కనిపిస్తాయి. ఆ ఫోటోల్లో నీలానికి బదులు ఆకుపచ్చ ఛానల్ వాడి చూడండి. సూర్యాస్తమయపు వెలుగైతే దీనికి తలకిందులు, ఎర్రటి ప్రతిబింబాన్ని పెయింట్‌గా లెక్కిస్తుంది. ఎరుపు ఛానల్ ఎక్కడైనా 255 తాకి ఆగిపోయి ఉంటే అక్కడ లెక్కే లేదు. మెటాలిక్ పెయింట్‌లో లోహపు రేకులు పైపూత కింద ఉంటాయి కాబట్టి వాటి మెరుపు రంగుతోనే వస్తుంది. దాన్ని పెయింట్ వాటాలోనే ఉంచాలి, లేదంటే కొత్త కారు మామూలు పెయింట్ కారైపోతుంది.

అన్నిటికంటే పెద్ద పరిమితి తెలుపు, బూడిద, నలుపు కార్లు. పెయింట్‌కూ ప్రతిబింబానికీ రెండింటికీ రంగు లేదు కనుక ఛానళ్లు దేన్నీ విడదీయలేవు. తెల్ల కారును ముదురు రంగులోకి మార్చేటప్పుడు Multiply ఒక్కటే వేసి వదిలేస్తే మెరుపులు కూడా ముదురై కారు సుద్దతో చేసినట్టు కనిపిస్తుంది. ఫోటోషాప్‌లోని Blend If స్లయిడర్‌ను Alt పట్టుకుని రెండుగా చీల్చి, అత్యంత వెలుగైన చోట్ల రంగు క్రమంగా తొలగిపోయేలా చేయవచ్చు. అది కొంతవరకే. మధ్యస్థంగా ఉన్న ప్రతిబింబాలను చేత్తో గీసుకోవాల్సిందే.

ఫోటో తీసేది మీరే అయితే ఇంకో దారి ఉంది. కెమెరాను స్టాండు మీద పెట్టి, పోలరైజింగ్ ఫిల్టర్‌ను తిప్పి, ప్రతిబింబం బాగా తగ్గినప్పుడు ఒకటి, బాగా కనిపించినప్పుడు ఒకటి తీయండి. ఎక్స్‌పోజరు రెండింటికీ ఒకటే ఉండాలి. రెండింటి తేడా దాదాపుగా ప్రతిబింబమే, కారు ఏ రంగుదైనా సరే. పైపూత లాంటి ఉపరితలాలకు ఫిల్టర్ బాగా పనిచేసేది ఉపరితలానికి లంబంగా ఉండే గీత నుంచి సుమారు 56 డిగ్రీల కోణం దగ్గర. అందుకని బానెట్ మీద శుభ్రంగా తేలినా తలుపు మీద అంతగా తేలకపోవచ్చు. పదే పదే ఒకే వస్తువును పది రంగుల్లో చూపించాల్సిన వాళ్లకు మిగతా తంటాలన్నిటికంటే ఇదే చవక.

బట్ట సోఫా

బట్టలో అద్దపు ప్రతిబింబం దాదాపు లేదు కాబట్టి సోఫా సులువనిపిస్తుంది. ఇక్కడి చిక్కు నేతలో ఉంది. మనం నేత అనుకునేది పోగుల మధ్య పడిన సన్నని నీడలను. ముదురు బట్టలో ఆ సందుల్లోకి వెళ్లిన వెలుగు అక్కడే ఆరిపోతుంది. లేత బట్టలో మాత్రం పోగు నుంచి పోగుకు ఎగిరి నీడలను తేలిక చేస్తుంది. అందుకే ముదురు బూడిద సోఫాను లేత గోధుమ రంగులోకి లేపితే నేత గరుకు గోనెసంచిలా కనిపిస్తుంది. నేతను వేరే లేయర్‌గా విడదీసి దాని వెలుగునీడల తేడాను తగ్గించాలి. ఎంత తగ్గించాలనేది అలాంటి లేత బట్ట అసలు ఫోటో ఒకటి పక్కన పెట్టుకుని చూసుకోవడమే మేలు. లేత నుంచి ముదురుకు వెళ్లేటప్పుడు దీనికి వ్యతిరేకం, అది చాలా తేలిక. Multiply, నేతకు కొంచెం పదును, అంతే.

మడతల సంగతి కూడా అంతే. గాఢమైన రంగు బట్ట మడతలోపల వెలుగు ఒకటికి రెండుసార్లు ఆ బట్టనే తాకి వస్తుంది కాబట్టి లోతు పెరిగేకొద్దీ రంగు గాఢమవుతుంది. అంతటా ఒకే రంగు చదునుగా పూసిన సోఫా చచ్చినట్టుండేది ఇందుకే. నీడ భాగాలకు గాఢత కొంచెం పెంచితే ప్రాణం వస్తుంది. వెల్వెట్ మాత్రం ఈ సూత్రాలకు లొంగదు. దాని పోగుల మొనలు అంచుల దగ్గర తెల్లబారినట్లు మెరుస్తాయి. ఆ మెరుపును కారు ప్రతిబింబంలాగే విడిగా చూడాలి.

చాలామంది వదిలేసేది వస్తువు బయట ఉంటుంది. ఎర్ర సోఫా పక్క గోడ మీద, నేల మీద లేత ఎరుపు పారుతుంది. సోఫా నీలమైనా నేల ఎర్రగానే ఉంటే చూసేవారికి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు. మాస్క్‌ను నేల మీదికి మెత్తగా సాగదీసి తక్కువ మోతాదులో అదే మార్పు వేస్తే సరిపోతుంది. నున్నటి నేల అయితే అందులో కనిపించే సోఫాకూ రంగు మార్చాలి.

చారలు, పూలు, కొత్త ఆకారం

రంగు కాక డిజైనే మార్చాలంటే తూకం మారిపోతుంది. సోఫాకు చారల బట్ట వేయాలంటే ముందు సోఫాను తెల్లటి బట్ట సోఫాగా మార్చుకుని, చారల చిత్రాన్ని ప్రతి కుషన్‌కూ, ప్రతి చేతికీ విడివిడిగా వంచి Multiplyలో వేస్తాను. ఒక్క ముక్కగా పరిచేయడం పెద్ద తప్పు. బట్టను ముక్కలుగా కత్తిరించి కుడతారు కనుక కుట్టు దగ్గర చార తెగాలి, దిశ మారాలి. చిన్న మడతల కోసం ఫోటోషాప్‌లో Displace ఫిల్టర్ ఉంది. సోఫా నలుపు తెలుపు చిత్రాన్ని దానికి ఇస్తే 128 బూడిద ఉన్నచోట చార కదలదు, దానికంటే ముదురు, లేత చోట్లలో అటూ ఇటూ జరుగుతుంది. ఆ చిత్రాన్ని ముందుగా కొంచెం బ్లర్ చేయాలి. లేకపోతే ప్రతి పోగుకూ చార రంపపు పళ్లలా విరుగుతుంది.

మాస్క్ గీసి వాక్యం రాస్తే కొత్తగా గీసిచ్చే ఏఐ ఇన్‌పెయింటింగ్ సాధనాలు ఈ శ్రమనంతా తప్పిస్తాయి. కొత్త బంపర్, వేరే చక్రాలు, వేరే ఆకారపు చేతులు కావాలంటే నేనూ అటే వెళతాను. ఆకారం మారితే పాత ప్రతిబింబం ఎలాగూ చెల్లదు కదా. కేవలం రంగు మార్చడానికి మాత్రం అది తప్పు ఎంపిక. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ తరహా మోడళ్లు చిత్రాన్ని ఒక్కో దిశలో ఎనిమిదో వంతుకు కుదించి, ఆ కుదింపు మీదే పనిచేసి, మళ్లీ విప్పుతాయి. అందులో సన్నని నేత, కుట్టు, బ్రాండు అక్షరాలు మిగలవు, ఊహించి మళ్లీ గీస్తాయి. మార్పు బలం తక్కువ పెడితే పాత రంగు వదలదు, ఎక్కువ పెడితే తలుపు మీద లేని చెట్టు పుడుతుంది. మోడల్‌ను అదుపు చేసే కంట్రోల్‌నెట్ లాంటివాటితో అంచులనూ లోతునూ బిగించవచ్చు, ప్రతిబింబాన్ని బిగించడం కష్టం.

దాన్ని వాడక తప్పనప్పుడు చేసే ఉపాయం ఒకటి. ముందు చేత్తో ముతకగా రంగు మార్చి, ఆ చిత్రాన్ని తక్కువ బలంతో ఏఐకి ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని ముతక చిత్రం మీద Color మోడ్‌లో పెట్టాలి. రంగుల పంపకం ఏఐది, వెలుగూ నేతా మన ఫోటోవి అవుతాయి. తర్వాత అసలు ఫోటోను పైన Differenceలో వేసి చూడండి. మాస్క్ బయట అంతా నికార్సయిన నలుపు ఉండాలి. అక్కడ ఏదైనా వెలుగుతోందంటే మీకు తెలియకుండా ఇంకేదో మారింది. గోడ మీదికి, నేల మీదికి మీరే సాగదీసిన రంగు ఒక్కటే దీనికి మినహాయింపు.

మిగిలింది నల్ల తోలు సోఫాను మీగడ రంగులోకి మార్చడం. నన్నడిగితే ఉన్న ఫోటోతో చేయవద్దనే చెబుతాను. నల్ల తోలు ఫోటోలో కనిపించేది దాదాపు మొత్తం మెరుపే. తోలు రంగు పూసుకుని వచ్చిన అసలు వెలుగు సెన్సార్ అట్టడుగున, నాయిస్‌లో కలిసిపోయి ఉంటుంది. 8 బిట్ల జెపెగ్‌లో దాన్ని లేపితే చతురస్రపు మచ్చలు, మెట్లు బయటపడతాయి. సెన్సార్ విలువలను నేరుగా దాచే రా ఫైలు ఉంటే కొంత నయం. మెరుపునే వెలుగుగా వాడుకుంటే వచ్చేది తోలు కాదు, నూనె పూసిన రబ్బరు. అదే సోఫాను లేత రంగులో ఒక్క ఫోటో సంపాదించగలిగితే అక్కడినుంచి నలుపుతో సహా ఏ రంగుకైనా వెళ్లవచ్చు. వరుసగా చాలా రంగులు చూపించే పని అయితే మొదటి ఫోటోకు లేత రంగు వస్తువునే ఎంచుకోండి.